మధ్యాహ్నపు మగత, క్యారియర్‌లోని పెద్ద గిన్నె

గుంటూరుకు చెందిన ఒక సోదరి కొన్ని మాసాల క్రితం మా వద్దకు ఒక సమస్యను తీసుకువచ్చారు. ఆమె భర్తకు నలభై నాలుగేళ్లు. ఒక సరుకు రవాణా సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తారు. ఉదయం తొమ్మిదిన్నర మొదలు మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆయన పనికి వంక పెట్టగలవారు లేరు. భోజనం ముగించి కుర్చీలో కూర్చున్న తరువాత మాత్రం కథ మారిపోతుంది. రెండున్నర అయ్యేసరికి కనురెప్పలు బరువెక్కుతాయి, కంప్యూటర్ తెరపై అంకెలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు తోస్తాయి. మూడింటికి ఒక టీ, మూడున్నరకు మరో టీ. ఒకనాడు ఆ వేళలోనే ఆయన ఒక లారీ యజమానికి చెల్లించవలసిన మొత్తాన్ని మరొకరి ఖాతాలో నమోదు చేశారు. మర్నాడు పొరపాటు బయటపడింది, డబ్బు కూడా తిరిగి వచ్చింది. కాని పై అధికారి, “ఇకమీదట చెల్లింపుల పని మధ్యాహ్నం పూట మీరు ముట్టుకోవద్దు” అన్నారట. ఇరవై ఏళ్ల అనుభవం గల మనిషికి అది చిన్న మాట కాదు.

“క్యారియర్ కట్టేది నేనే. నేను పెట్టే తిండిలోనే దోషముందా?” అని ఆ సోదరి అడిగారు. ఆమె గొంతులో జవాబు కోసం ఆత్రం కన్నా నింద పడుతుందేమోనన్న భయమే ఎక్కువగా వినిపించింది. మన ఇళ్లలో నిండుగా వడ్డించడమే ఆప్యాయత. మూత పెడితే అన్నం అంటుకునేటంతగా గిన్నె నింపకపోతే కట్టినవారికే తృప్తి ఉండదు. కనుక ముందుగా దోషమెవరిదన్న మాటను పక్కనపెట్టి, ఒక చిన్న పని చేయమని కోరాము. వంటింటి త్రాసు తీసుకుని మూడు రోజుల పాటు క్యారియర్‌లో ఏది ఎంత వెళుతున్నదో తూచి, కాగితం మీద వ్రాయమన్నాము. ఏదీ మార్చవద్దని కూడా చెప్పాము.

ఆ కాగితం మా ముందుకు వచ్చినప్పుడు ఆ సోదరే అందరికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయారు. పెద్ద గిన్నెలో అన్నం 330 గ్రాములు. వేరే డబ్బాలో పెరుగన్నం, అందులో అన్నం మరో 130 గ్రాములు. అంటే మొత్తం 460 గ్రాముల అన్నం. టీ కప్పుతో కొలిస్తే దాదాపు మూడు కప్పులు. చిన్న గిన్నెలలో పలుచని పప్పుచారు 120 గ్రాములు, బంగాళదుంప వేపుడు 80 గ్రాములు, ఒక చెంచా మామిడికాయ పచ్చడి. ఆకుకూర గాని, కాయగూర గాని, గుడ్డు గాని, మాంసం గాని ఆ మూడు రోజులలో మధ్యాహ్నం పూట లేనే లేవు. మాంసం వండిన రోజున కూడా అది రాత్రికే వండేవారు, ఎందుకంటే పిల్లలందరూ కలిసి తినేది అప్పుడే.

460 గ్రాముల అన్నం అంటే సుమారు 165 గ్రాముల బియ్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో, 2000 కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి రోజు మొత్తానికి అన్ని రకాల ధాన్యాలు కలిపి సూచించినది దాదాపు 250 గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు ఆయన ఒక్క మధ్యాహ్నపు పూటలోనే ముగించేస్తున్నారు. ఉదయం ఇడ్లీలు, రాత్రి అన్నం లెక్కలోకి రానే లేదు. పొలంలో నాగలి పట్టిన తాతకు ఈ కొలత సరిపోయి ఉండవచ్చు. కుర్చీలో కూర్చునే మనుమడికి దాన్ని ఖర్చు చేసే మార్గం లేదు.

ఇంత అన్నం ఒకేసారి కడుపులో పడితే ఏమి జరుగుతుంది? పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో తవుడు, పీచు పోయి పిండిపదార్థమే మిగులుతుంది. అది త్వరగా జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. ఈ మనిషి భోజనంలో అన్నం, దుంప కలిపి 140 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉండగా, మాంసకృత్తులు ఇరవై గ్రాములైనా లేవు. రక్తంలో గ్లూకోజు వేగంగా పైకి లేస్తుంది, దాన్ని సర్దుబాటు చేయడానికి ఇన్సులిన్ అధికంగా విడుదలవుతుంది. కొందరిలో రెండు మూడు గంటల తరువాత గ్లూకోజు భోజనానికి ముందున్న స్థాయి కన్నా కొంత కిందికి జారుతుంది. నాలుగు గంటలకు కలిగే నీరసానికి, ఏదైనా నమలాలన్న కోరికకు అది ఒక కారణం.

రెండున్నరకే వచ్చే మగతకు మరో సంగతి కూడా ఉన్నది. మెదడులో ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు కొన్ని ఉన్నాయి. మనలను మెలకువగా ఉంచడంలో వాటిది ముఖ్యపాత్ర. గ్లూకోజు పెరిగినప్పుడు ఈ కణాల చురుకుదనం తగ్గుతుందనీ, మాంసకృత్తుల నుండి వచ్చే ఎమైనో ఆమ్లాలు వాటిని ఉత్తేజపరుస్తాయనీ ఎలుకలపై జరిపిన పరిశోధనలలో తేలింది. మనుషుల విషయానికి వస్తే, 2007లో సిడ్నీ పరిశోధకులు వెల్లడించిన ఒక చిన్న అధ్యయనం ఆసక్తికరమైనది. పడుకోవడానికి నాలుగు గంటల ముందు త్వరగా జీర్ణమయ్యే రకం అన్నం తిన్న ఆరోగ్యవంతులైన యువకులు, నెమ్మదిగా జీర్ణమయ్యే రకం తిన్న రోజు కన్నా త్వరగా నిద్రలోకి జారుకున్నారు. రాత్రికి అది వరమే కావచ్చు. లెక్కల పుస్తకం ముందు కూర్చున్నవాడికి మాత్రం శాపమే.

ఈ సందర్భంలో ఒక అపోహను కూడా తొలగించాలి. “తిన్నాక రక్తమంతా కడుపుకు చేరుతుంది, మెదడుకు చాలదు, అందుకే నిద్ర” అని చాలామంది చెబుతుంటారు. జీర్ణాశయానికి రక్తప్రసరణ పెరిగే మాట నిజమే. కాని మెదడు తన వాటాను అంత తేలికగా వదులుకోదు. శరీరం దాని సరఫరాను స్థిరంగా కాపాడుకుంటుంది. మగతకు మూలం రక్తం కొరతలో కాదు, భోజనం పరిమాణంలో, దాని కూర్పులో వెతకాలి. దానికి తోడు మన శరీరంలోని గడియారం కూడా ఒకటున్నది. మధ్యాహ్నం ఒంటిగంటకు, మూడు గంటలకు మధ్య భోజనం చేయనివారిలో కూడా చురుకుదనం కొంత తగ్గుతుంది. ఆ సహజమైన పల్లం మీద అన్నపు బరువు కూడా పడినప్పుడే మనిషి కుర్చీలో కూలబడతాడు. కనుక పళ్లెం మార్చినంత మాత్రాన మధ్యాహ్నం కూడా ఉదయంలాగే ఉంటుందని ఎవరూ ఆశించకూడదు.

ఇక అసలు కథకు వద్దాము. విషయం తెలిసిన వెంటనే ఆ దంపతులు మమ్మల్ని మళ్లీ అడగకుండానే ఒక నిర్ణయం తీసుకున్నారు. మర్నాటి నుండి అన్నం సగానికి తగ్గించారు, మిగతావి యథాతథం. మొదటి రెండు రోజులు మూడు గంటల మగత కొంత తగ్గింది, ఇద్దరూ సంతోషించారు. మూడో రోజు నుండి కొత్త బాధ మొదలైంది. నాలుగింటికే పేగులు అరిచేవి. ఆఫీసు ముందున్న బండి దగ్గర రెండు సమోసాలు, చక్కెర ఎక్కువ వేసిన టీ. ఆరున్నరకు ఇంటికి వచ్చి, భోజనానికి ముందే బిస్కెట్ల డబ్బా. రాత్రికి పళ్లెం నిండా అన్నం. వారం తిరిగేసరికి ఆయన, “ఇంతకన్నా ఆ నిద్రే నయం” అన్నారు. ఇంట్లో ఉన్న పెద్దావిడ, ఆయన తల్లి, “మొగవాడి నోటి దగ్గర అన్నం తగ్గిస్తే పని ఎలా చేస్తాడమ్మా?” అని కోడలిని మందలించారు. పెద్దావిడ మాటలో సగం నిజమున్నదని మేము ఆ సోదరికి చెప్పాము. అన్నం తగ్గించడం మాత్రమే జరిగింది. ఆ ఖాళీలో ఏమీ చేరలేదు.

అయితే మరి కూర ఎక్కువ పెట్టవచ్చు కదా అని అడగవచ్చు. ఆ సోదరి అదీ ప్రయత్నించారు. వంకాయ కూర రెట్టింపు పెట్టి పంపితే సగం తిరిగి వచ్చింది. “ఒట్టి కూర ఎలా తినను? గొంతు మండుతున్నది” అన్నారు ఆయన. మా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఇదే.

మన కూరలు తినడానికి వండినవి కావు, అన్నంలో కలపడానికి వండినవి. చప్పగా ఉండే మూడు కప్పుల అన్నానికి రుచి రావాలంటే పిడికెడు కూరలోనే ఆ ఉప్పంతా, కారమంతా, పులుపంతా ఉండాలి. అందుకే మన పప్పుచారు పలుచన, ఖట్టా పులుపు, వేపుడు ఉప్పన, పచ్చడి నిప్పు. అన్నం సగం చేసి అదే కూరను రెట్టింపు చేస్తే ఉప్పు, కారం కూడా రెట్టింపవుతాయి. నాలుక ఒప్పుకోదు, రక్తపోటు ఉన్నవారికైతే శరీరమూ ఒప్పుకోదు. కనుక పళ్లెం మారాలంటే ముందు మారవలసింది పోపు గిన్నె. ఈ సంగతి చెప్పకుండా “అన్నం తగ్గించండి, కూర పెంచండి” అని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా ఇళ్లలో అది వారం కూడా నిలవదు.

ఆ సోదరితో కలిసి మేము ఆలోచించిన మార్పు ఇది. భర్త క్యారియర్‌కు వెళ్లే కూరలో ఉప్పు, కారం మూడో వంతు తగ్గించడం. ఒకేసారి కాకుండా రెండు వారాలలో కొంచెం కొంచెంగా, అప్పుడు నాలుక గుర్తుపట్టదు. తగ్గిన రుచిని ధనియాల పొడి, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, చివరలో పిండిన నిమ్మరసంతో పూడ్చడం. పప్పుచారు బదులు ముద్దపప్పు కన్నా కొంచెం జారుగా ఉండే చిక్కటి పప్పు. ఒక్కరికి నలభై గ్రాముల కందిపప్పు, అంటే నిండుగా మూడు పెద్ద చెంచాలు, అందులోనే గుప్పెడు పాలకూర గాని తోటకూర గాని గోంగూర గాని వేసి ఉడికిస్తారు. పలుచని పప్పుచారులో పప్పు ఇందులో సగం కూడా ఉండదు. గిన్నె నిండుగా కనిపించినా అది చాలావరకు చింతపండు నీరే.

కాయగూర విషయంలో దుంపలను పక్కనపెట్టాము. బంగాళదుంప, చేమదుంప, కంద ఇవన్నీ పళ్లెంలో కూరలా కనిపించినా శరీరానికి అన్నం వర్గమే. వాటి స్థానంలో బెండ, దొండ, బీర, గోరుచిక్కుడు, క్యాబేజీ, వంకాయ. కనీసం 150 గ్రాములు వండినది. దొండకాయను వేపుడుగా చేస్తే నూనె ఎక్కువ పీలుస్తుంది. ముందు ఆవిరిలో మగ్గించి ఆ తరువాత రెండు చెంచాల నూనెలో పోపు వేస్తే ఆ బెడద ఉండదు. ఇక మూడోది, మాంసకృత్తులు. వారంలో రెండు రోజులు ఉడికించిన గుడ్లు రెండు, రెండు రోజులు రాత్రి వండిన కోడికూర నుండి ముందే తీసి ఉంచిన ముక్కలు నాలుగు, ఒక రోజు నానబెట్టి ఉడికించిన శనగలు. శనగల రోజు ఖర్చు అన్నింటికన్నా తక్కువ, కడుపు నిండుగా ఉండేదీ ఆ రోజే అని ఆయన తరువాత చెప్పారు. పెరుగన్నం మానేసి ఒట్టి పెరుగు ఒక చిన్న డబ్బా. అందులో ఉల్లి, దోసకాయ ముక్కలు కలిపితే అది మన ఇళ్లలోని దహీ చట్నీయే, అన్నం అడగదు.

అన్నం 230 గ్రాములు, అంటే కప్పున్నర. పూర్తిగా మానవద్దన్నాము. ఈ కొలతలో పిండిపదార్థం దాదాపు 65 గ్రాములు. పప్పు, గుడ్లు, కూర, పెరుగు కలిపితే మొత్తం కేలరీలు పాత భోజనానికి పెద్ద తేడా లేకుండానే వచ్చాయి. మాంసకృత్తులు మాత్రం ముప్ఫై గ్రాములు దాటాయి. ఆయన తక్కువ తినడం లేదు, మరోలా తింటున్నారు. పెద్దావిడను ఒప్పించినది కూడా ఈ లెక్కే.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఎదురైంది. క్యారియర్ గిన్నెలు. మన స్టీలు క్యారియర్లలో పెద్ద గిన్నె అన్నానికి, చిన్నవి కూరలకు అని తయారుచేసేవారే నిర్ణయించినట్లున్నారు. పెద్ద గిన్నెలో కప్పున్నర అన్నం వేస్తే అడుగున ఎక్కడో కనిపిస్తుంది. చూసేవారికి దారిద్ర్యంలా తోస్తుంది, కట్టే చేయి తెలియకుండానే మరో హస్తం వేస్తుంది. మొదటి వారంలో రెండుసార్లు అలాగే జరిగిందని ఆ సోదరి నవ్వుతూ ఒప్పుకున్నారు. దానికి ఆమే ఉపాయం కనుగొన్నారు. పెద్ద గిన్నెలో కాయగూర, దాని మీద గుడ్లు పెట్టి, అన్నాన్ని చిన్న గిన్నెలోకి మార్చారు. చిన్న గిన్నెలో కప్పున్నర అన్నం మూత దాకా నిండుగా ఉంటుంది. కట్టేవారికీ తినేవారికీ కన్ను నిండుతుంది.

తినే క్రమంలో కూడా ఒక మార్పు చెప్పాము. అన్నం గిన్నె మూత చివరికి తెరవమన్నాము. ముందు దహీ చట్నీ, కూరలో సగం, గుడ్లు. ఆ తరువాత మిగిలిన కూర, పప్పు అన్నంలో కలుపుకోవాలి. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో డాక్టర్ అల్పనా శుక్లా, ఆమె సహచరులు 2015లో వెల్లడించిన అధ్యయనంలో, మధుమేహం గలవారు అదే భోజనాన్ని కూరగాయలు, మాంసం ముందు, పిండిపదార్థం చివర అన్న క్రమంలో తిన్నప్పుడు భోజనానంతర గ్లూకోజు గణనీయంగా తక్కువగా నమోదైంది. వారు పరీక్షించింది పదకొండు మందినే. అయినా ఖర్చు లేని, హాని లేని పని కనుక చేసి చూడదగినదే. కలిపి ముద్ద చేసి తినే అలవాటు గల మనకు ఇది మొదట్లో వింతగా ఉంటుంది. సగం కూర ముందు తిని, సగం కలుపుకోమని మేము చెప్పినది అందుకే.

తరువాతిది సమయం. ఆయన ఆఫీసులో భోజన విరామం ఒంటిగంట నుండి రెండు వరకు. దగ్గరి మస్జిదులో జుహర్ జమాఅత్ ఒంటిగంటన్నరకు, నడిస్తే ఏడెనిమిది నిమిషాలు. ఆయన ఇంతకాలం ముందు నమాజుకు వెళ్లి వచ్చి, ఒకటీ ముప్పావు దాటాక హడావుడిగా తిని, రెండింటికి నేరుగా కుర్చీలో కూర్చునేవారు. అంటే అంత అన్నం తరువాత ఒక్క అడుగు కూడా పడేది కాదు. భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నడక రక్తంలోని గ్లూకోజును కండరాలు వాడుకునేలా చేసి, దాని ఉధృతిని తగ్గిస్తుంది. అందుకని ఒంటిగంటకే భోజనం మొదలుపెట్టి, ఇరవై నిమిషాలలో ముగించి, మస్జిదుకు నడచి వెళ్లి రమ్మన్నాము. రానుపోను పదిహేను నిమిషాల నడక దానంతటదే సమకూరింది. పాత భోజనంతో ఇది సాధ్యమయ్యేది కాదు. అంత తిన్న కడుపుతో రుకూ, సజ్దాలలో వంగితే పులి త్రేన్పులు వస్తాయి. గుండెల్లో మంట, ఆమ్లం పైకి తన్నడం వంటి బాధ ఉన్నవారు తేలికైన భోజనం తరువాత కూడా ఈ క్రమాన్ని పాటించనవసరం లేదు. వారు ముందు నమాజు చేసుకుని, తిన్న తరువాత ఆఫీసు వరండాలో పది నిమిషాలు తిరిగినా ఫలితం అదే.

ఖైలూలా గురించి కూడా ఆయన అడిగారు. మధ్యాహ్నపు కునుకు మన సంప్రదాయంలో ఉన్నదే కదా, మరి దీన్ని రోగమని ఎందుకు అనుకోవాలి అని. నిజమే, ముందు చెప్పిన శరీర గడియారపు పల్లానికి అది సహజమైన మందు. అయితే పదిహేను ఇరవై నిమిషాల కునుకు వేరు, నిండు కడుపుతో మీదపడే మత్తు వేరు. మొదటిదాని నుండి లేచినవాడు తేటగా ఉంటాడు. అరగంట దాటి గాఢనిద్రలోకి వెళ్లి లేచినవాడికి ఇంకో అరగంట తల దిమ్ముగానే ఉంటుంది. సెలవు రోజున ఇంట్లో పడుకునేవారు కూడా అలారం పెట్టుకోవడం మంచిది. ఆయన ఆఫీసులో అందుకు చోటు లేదు, కనుక ఆ మాట అంతటితో ముగిసింది.

శుక్రవారం సంగతి వేరే. జుమా రోజు ఆ ఇంట్లో బిర్యానీ గాని, బగారా అన్నం, దాల్చా గాని ఉంటాయి. వాటిని మానమని చెప్పే ధైర్యం మాకు లేదు, అవసరమూ లేదు. బిర్యానీ అన్నం కప్పున్నరే, ముక్కలు నాలుగైదు, దహీ చట్నీ పెద్ద గిన్నెడు, అన్నాని కన్నా ముందు అది. దాల్చాలో శనగపప్పు, సొరకాయ, మాంసం మూడూ ఉంటాయి కనుక అది మంచి వంటకమే. దాన్ని చారులా పోసుకోకుండా కూరలా తినాలి, అంతే. ఆ రోజు కొంచెం మగత వచ్చినా ఆయన దాన్ని లెక్కచేయడం లేదు. మేమూ చేయము.

బియ్యం మానేసి చపాతీలకో, కొర్రలకో మారితే సరిపోదా అని మరికొందరు అడుగుతుంటారు. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన ఒక్కో పుల్కాలో ఇరవై గ్రాముల పైచిలుకు పిండిపదార్థం ఉంటుంది. ఆరు పుల్కాలు, బంగాళదుంప కూర తిన్నవాడు మళ్లీ మూడు కప్పుల అన్నం దగ్గరికే వచ్చినట్లు. చిరుధాన్యాలలో, దంపుడు బియ్యంలో పీచు ఎక్కువ, అది మేలే. తెలంగాణ సోనా వంటి కొన్ని వరి రకాలు గ్లూకోజును నెమ్మదిగా పెంచుతాయని వాటిని రూపొందించినవారు చెబుతున్నారు. దొరికితే వాడుకోవచ్చు. కాని ఏ ధాన్యమైనా మూడు కప్పులు తింటే అది మూడు కప్పులే.

ఇప్పుడు జాగ్రత్త చెప్పవలసిన చోటికి వచ్చాము. ఇప్పటికే మధుమేహానికి గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకునేవారు ఈ వ్యాసం చదివి రేపే అన్నం సగం చేయకూడదు. వారి మందు మోతాదు పాత భోజనానికి తగినట్లు నిర్ణయించినది. అన్నం తగ్గి మందు తగ్గకపోతే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమట పట్టడం, మాట తడబడడం దాని లక్షణాలు. ముందు వైద్యునితో మాట్లాడి, ఆ తరువాతే పళ్లెం మార్చాలి. కిడ్నీ వ్యాధి ఉన్నవారు కూడా పప్పు, మాంసం పెంచే ముందు వైద్యుని అడగాలి.

అన్ని మగతలకూ అన్నమే కారణం కాదు. దాన్ని తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటున్నది. మూడు నాలుగు రోజులు పైన చెప్పిన విధంగా తిని చూడాలి. రెండున్నర మగత స్పష్టంగా తగ్గితే కారణం పళ్లెమే. తగ్గకపోతే, లేదా ఉదయం పదింటికి కూడా నిద్ర ముంచుకు వస్తుంటే వెతకవలసిన చోటు వేరు. రాత్రి పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేచేవారికి నిద్రలో శ్వాస ఆటంకం ఉండవచ్చు. అలాంటివారు బండి నడుపుతూ కునికే ప్రమాదమున్నది. మన ఇళ్లలో స్త్రీలకైతే రక్తహీనత, థైరాయిడ్ లోపం తరచుగా కనిపించే కారణాలు. రాత్రి పదే పదే మూత్రానికి లేవడం, అధిక దాహం ఉంటే మధుమేహ పరీక్ష ఆలస్యం చేయకూడదు.

ఆయన తండ్రికి మధుమేహం ఉండేదని మాటల మధ్యలో తెలిసినందున, ఆయనను కూడా పరీక్ష చేయించుకోమన్నాము. మొదట వద్దన్నారు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.9 వచ్చింది. 5.7 లోపు సాధారణం, 6.5 ఆపైన మధుమేహం. ఈయన ఆ రెంటికీ మధ్యనున్న మెట్టు మీద ఉన్నారు. మందులు అవసరం లేదనీ, భోజనం, నడక ఇదే విధంగా కొనసాగించి ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేయించమనీ వైద్యుడు చెప్పారు. మూడు గంటల మగత కోసం మొదలైన వెతుకులాట ఈ అంకె దగ్గరికి తీసుకువచ్చింది. లారీ యజమాని ఖాతాలో ఆ పొరపాటు జరగకపోయి ఉంటే ఈ అంకె ఎన్నేళ్లకు బయటపడేదో.

మేము చివరిసారి ఆ సోదరితో మాట్లాడేనాటికి కొత్త పద్ధతి మొదలై ఏడు వారాలైంది. మూడింటి టీ ఇంకా ఉన్నది, చక్కెర సగం. మూడున్నర టీ పోయింది. వేసవి ఎండలలో ఇప్పటికీ కొంత బద్ధకం వస్తున్నదట, రాత్రి పొద్దుపోయి పడుకున్న మర్నాడు ఇంకా ఎక్కువ. చెల్లింపుల పని తిరిగి చేతికి వచ్చిందా అని అడిగాము. ఇంకా రాలేదు, అడగడానికి ఆయనకు మొహమాటమట. పెద్దావిడ మాత్రం ఇప్పుడు కోడలిని మరో విషయం అడుగుతున్నారు, తనకు కూడా ఆ శనగలు అలాగే ఉప్పు తగ్గించి వండి పెట్టమని.